పిలిచినట్టా, పిలవనట్టా

నస్రత్ ఇరవై రెండేళ్లపాటు గుంటూరులో ఓ ప్రైవేటు ఆసుపత్రి ఫోను బోర్డు ముందు కూర్చుంది. రోజుకి నాలుగు వందల ఫోన్లు, అందులో ఓ ఇరవై రాంగ్ నంబర్లు. తప్పు నంబరు చేసినవాడు సిగ్గుపడి సారీ చెబుతాడని మీరనుకుంటారేమో. ఎక్కడా చెప్పడు. పైగా ఎదురు తిరిగి తిడతాడు. ఆ తిట్లన్నీ తిన్నాక ఆవిడ తనకో పద్ధతి ఏర్పరచుకుంది. తప్పు నీదని అవతలివాడి మొహాన కొట్టకూడదు. ఎవరని అడగకూడదు. చెవిన పడిందాన్ని ఇంకోచోట అనకూడదు. "మాకు కాదనుకుంటానండీ" అని ఫోను పెట్టేయాలి, అంతే.

తర్వాత ఆసుపత్రివాళ్లు ఆవిణ్ణి తీసేసి, ఒకటి నొక్కండి రెండు నొక్కండి అనే మిషను పెట్టారు. మిషన్లంటే ఒళ్లు మండిపోయే ఆ మనిషికి మళ్లీ దొరికింది మిషను దగ్గర పనే. బ్రాడీపేటలో ఓ కోచింగ్ సెంటరు పై అంతస్తులో చిన్న కంపెనీ. మిర్చి ధరలూ వాన కబుర్లూ చెప్పే తెలుగు పెట్టె తయారు చేస్తున్నారు. దాని పేరు మైనా; అది పలికే మాటలు రాయడం నస్రత్ పని. "మైనా" అని పిలిస్తే పలుకుతుంది. చిక్కల్లా పిలవకపోయినా పలకడమే. టీవీ సీరియల్లో ఏడుపుకీ, ఇంట్లో కేకలకీ తన పేరే అనుకుని లైటు వెలిగించుకుంటుంది.

అలా పొరపాటున పలికినప్పుడు ఏమనాలన్న దాని మీద నస్రత్‌కీ, మేనేజరు కరుణాకర్‌కీ పెద్ద గొడవే అయింది.

"క్షమించండి, మీ మాట అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి, నేను మీకు సాయం చేయగలను, అనిపిద్దామండీ. మర్యాదగా ఉంటుంది" అన్నాడు కరుణాకర్.

"పిలవనివాడి నెత్తినెక్కి కూర్చోవడం మర్యాద ఎట్లా అవుతుందండీ? నన్ను కాదనుకుంటా, వినడం ఆపేశాను అనాలి. అనడమే కాదు, నిజంగా ఆపెయ్యాలి."

ఆవిడ మాటే నెగ్గింది. నెగ్గినందుకు కరుణాకర్ రెండు నెలలు ఆవిడతో ముక్తసరిగా మాట్లాడాడు.

అద్దంకి దగ్గర ఒక ఊళ్లో నలభై ఇళ్లలో సంతకాలు తీసుకుని పెట్టెలు పెట్టారు. పేరు వినబడిందనుకున్నప్పుడే పెట్టె మాటలు కంపెనీకి పంపుతుంది. ఎవరూ ఏమీ అడగలేదని తేలితే నస్రత్ రాసిన మాట చెప్పి ఊరుకుంటుంది. అలాంటి ముక్కలన్నీ, ఆరేడు సెకన్లవి, ఆవిడ దగ్గరికి వస్తాయి. పేర్లుండవు, పెట్టె నంబరే ఉంటుంది. ఒక్కోటీ విని, 'పిలిచారు' అనో 'పిలవలేదు' అనో గుర్తు పెట్టాలి. ఆ గుర్తుల్నిబట్టే, దేనికి పలకాలో దేనికి పలకకూడదో పెట్టెకి నేర్పుతారు.

ముప్పై ఒకటో నంబరు పెట్టె నుంచి రోజూ ముక్కలు వచ్చేవి. ఒక మగ గొంతు బండబూతులు. ఏదో నేలకేసి కొట్టిన చప్పుడు. మధ్యలో నెమ్మదిగా మైనా: "నన్ను కాదనుకుంటా. వినడం ఆపేశాను." విన్నప్పుడల్లా నస్రత్ హెడ్‌ఫోన్లు తీసేసి, మళ్లీ పెట్టుకునేది. పిలవలేదు, పిలవలేదు అని గుర్తు పెట్టుకుంటూ పోయింది. పని అది మరి.

మూడో వారం ఊరు ఎదురు తిరిగింది. కరుణాకర్ నస్రత్‌ని కారెక్కించుకుని వెళ్లాడు. దారిలో ఒకటే పాఠం చెప్పాడు. "ఎవరు వింటున్నారని అడిగితే ఎవరూ వినరు, అంతా మిషనే అని చెప్పండి."

మిర్చి కల్లం పక్కన పాతికమంది నిలబడి ఉన్నారు. కుర్చీ వేసినవాడు లేడు, మంచినీళ్లు అడిగినవాడు లేడు. వెంకయ్య అనే రైతు పెట్టెని తీసుకొచ్చి వాళ్ల కాళ్ల దగ్గర పడేశాడు. దాని వెనక ముప్పై ఒకటి అని అంటించి ఉంది.

"నేను నా పెళ్లాంతో మాట్లాడతంటే మధ్యలో పలకటానికి ఇదెవత్తె? ఆఁ? ఎవురింటన్నారు మా ఇంటో మాటలు?"

ఆ గొంతు నస్రత్‌కి బాగా తెలుసు.

"ఎవరూ వినరండీ, అంతా..." అని కరుణాకర్ మొదలుపెట్టాడు.

"నేను విన్నాను" అంది నస్రత్.

కల్లమంతా కేకలే. ఒకడు కొట్టేటట్టు మీదికొచ్చాడు. ఆవిడ కదల్లేదు. "కాగితంలో రాసే ఉంది. పొరపాటున పలికినప్పుడు ఆ ఆరు సెకన్లు వినేది నేనే. వద్దనుకున్నవాళ్లు ఇప్పుడే ఇచ్చేయండి, పట్టుకుపోతాం."

వెంకయ్య గొంతు తగ్గించాడు. "ఏం విన్నావ్?"

"మీకు తెలియనిదేమీ వినలేదు. ఎవరికీ చెప్పను. నా నోట్లోంచి ఎవరి మాటా బయటికి రాదు."

వాడి మొహం నల్లబడింది. పాతికమందీ నస్రత్‌ని వదిలేసి వాడి వంక చూడటం మొదలుపెట్టారు. పెట్టెని తిరిగి ఇచ్చేస్తే ఏదో ఒప్పుకున్నట్టవుతుందని తోచిందేమో, దాన్ని తీసి చంకలో పెట్టుకుని, తిట్టుకుంటూ ఇంటికి పోయాడు.

కారెక్కబోతుంటే దొడ్డి గోడ వెనకనుంచి ఒకావిడ పిలిచింది. వెంకయ్య భార్య పిచ్చమ్మ. మోచేతి దగ్గర నల్లగా కమిలి ఉంది.

"దాన్ని బాగుజేత్తారంటగా అమ్మా. సెయ్యమాకండి. అది పలికితే ఇంటో ఎవురో ఉన్నట్టు ఉలిక్కిపడతాడు. సెయ్యి దించుతాడు."

ఆ పెట్టె నోరు మూయించింది నస్రతే. పెట్టిన గుర్తులన్నీ పెట్టెకి నేర్పడానికి వెళ్లిపోయాయి. సోమవారం నుంచి ఆ పెట్టె వెంకయ్య కేకలకి పలకదు. తనమీద తనకే అసహ్యం వేసింది.

"ఇంక దానంతటది పలకదమ్మా. దాని పొరపాటుని నమ్ముకుని ఉండొద్దు. నువ్వే పిలువు. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుంది. తమ్ముడికి ఫోన్ చెయ్యి అంటే చేస్తుంది కూడా."

పిచ్చమ్మ దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే తమ్ముడి నంబరు చెప్పింది. నస్రత్ అప్పటికప్పుడు ఆమె ఫోన్లోంచి దాన్ని పెట్టెకి ఎక్కించింది.

సోమవారం దాటింది. ముప్పై ఒకటి నుంచి ఒక్క ముక్క రాలేదు. కరుణాకర్ సంతోషించాడు. నస్రత్‌కి మాత్రం అన్నం సహించలేదు. ఆ ఇంట్లో కేకలు ఆగి ఉండవు, తనకి వినబడటం ఆగిందంతే.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఒక ముక్క వచ్చింది, మామూలుకన్నా పొడుగ్గా. నస్రత్ హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుంది. వెంకయ్య అరుపు. దాని మీద, స్పష్టంగా, వణుకు లేకుండా ఆడ గొంతు:

"మైనా!"

"చెప్పండి."

ఆ తర్వాత ఏమీ లేదు. అరుపు లేదు, దెబ్బ లేదు. చెప్పులీడ్చుకుంటూ ఎవరో బయటికి నడిచిపోతున్న చప్పుడు. అప్పుడు పిచ్చమ్మ, తేలిగ్గా ఊపిరి వదిలి:

"నిన్ను కాదులే."

"నన్ను కాదనుకుంటా. వినడం ఆపేశాను" అంది మైనా, నస్రత్ నేర్పిన మాటే.

వెనక నిలబడి స్క్రీన్ చూస్తున్న కరుణాకర్ విసుక్కున్నాడు. "ఇంకా పొరపాట్లే! నిన్ను కాదులే అని ఆవిడే అంటోందిగా. పిలవలేదు అని పెట్టేయండి, ఈసారి ఈ గొంతుకి కూడా పలకదు."

నస్రత్ వెనక్కి తిరిగి చూడలేదు.

"పిలిచింది" అంది. 'పిలిచారు' మీద వేలుంచి గట్టిగా నొక్కింది.