అమావాస్య నాడు లేని క్లిక్కు

మిర్యాలగూడలో మా బావ దుకాణం రైస్ మిల్లు సామాన్లది. రబ్బర్ రోలర్లు, బెల్టులు, ధాన్యాన్ని పైకెత్తే బకెట్లు, జల్లెడలు. పదో తరగతి మధ్యలో నేను చదువును వదిలేశాను. చదువు అంతకుముందే నన్ను వదిలేసింది కాబట్టి ఎవరికీ నష్టం లేదు. కొన్నేళ్లు సూర్యాపేటలో ఇంటర్నెట్ సెంటరులో కూర్చున్నాను. అక్కడ కంప్యూటర్ పట్టుబడింది. 2012లో అక్క పిలిస్తే వచ్చి బావ ఇంట్లో తింటూ, బావ దుకాణంలో పని చేస్తూ, బావకు ఇంటర్నెట్ ప్రకటనల గురించి చెప్పి చెడగొట్టాను.

ఎవరైనా నెట్‌లో రైస్ మిల్లు సామాన్ల కోసం వెతికితే మన ప్రకటన పైన కనబడుతుంది, దాని మీద నొక్కితేనే మనకు ఖర్చు, ఊరికే చూస్తే లేదు అని బావకు చెప్పాను. నిజమే చెప్పాను. ఎవరెవరు నొక్కుతారో మాత్రం చెప్పలేదు, నాకూ తెలియదు కాబట్టి.

ఏడాది గడిచాక సూర్యాపేట నుంచి పాత స్నేహితుడు ఫోన్ చేశాడు. ప్రకటనల పనికి చిన్న ఆఫీసు తెరుస్తున్నాడట, నన్ను వచ్చెయ్యమన్నాడు. అంత సంతోషం నాకు పరీక్ష ఫీజు ఎగ్గొట్టిన రోజు తర్వాత మళ్లీ అప్పుడే. బావకు చెబుదామని దుకాణంలోకి వెళ్లేసరికి ఆయన ఫోన్‌లో ఉన్నాడు. అవతల కోదాడ మనిషి. గోడలకు రంగులేసే రోలర్ ఉందా అండీ అని అడుగుతున్నాడు. ఆ వారంలో అలాంటిది మూడోదట.

నేను వెళ్తానన్నాను. బావ ఫోన్ బల్ల మీద పెట్టాడు.

"పో. నేనొద్దంటనా? కానీ గీ ప్రకటనల పైసలు యాడికి పోతున్నయో తేల్చిపో బామ్మర్ది. లేకుంటే రేపు మీ అక్కనే అంటరు, తమ్ముడొచ్చి దుకాణం ఊడ్చిండని."

ఊడ్వడం నాకు కొత్తేమీ కాదు, వచ్చిన మొదటి నెలంతా అదే చేశాను అన్నాను. బావ నవ్వలేదు. ఆయన నవ్వకపోతే ఆ గదిలో గాలి ఆడదు. వెనక గోదాములో రబ్బరు వాసన మధ్య ఒక కుర్చీ, ఒక కంప్యూటర్. మర్నాడు పొద్దున అక్కడ కూర్చున్నాను.

మనం ఎంచుకున్న మాటలు వేరు, జనం నిజంగా టైపు చేసిన మాటలు వేరు. ఆ రెండోవి కనబడే రిపోర్టు ఒకటి ఉంటుంది. నేను దాన్ని ఏడాదిలో ఒక్కసారీ తెరవలేదు. మన మాటలేమో "రైస్ మిల్", "రబ్బర్ రోలర్", "బెల్ట్", "బకెట్". పైగా వాటిని వదులుగా వదిలాను, అంటే వాటికి దగ్గరగా అనిపించిన ఏ వెతుకులాటకైనా మన ప్రకటన వెళ్లి నిలబడుతుంది. నిలబడింది కూడా. రైస్ మిల్లులో ఉద్యోగాలు. రైస్ మిల్ ఆపరేటర్ జీతం. రైస్ మిల్ ప్రాజెక్ట్ రిపోర్ట్. చక్రాల బూట్లు. జుట్టు చుట్టుకునే రోలర్లు. మగవాళ్ల తోలు బెల్టు. మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్. మఠంపల్లి పక్కన ఎవరో సిమెంటు కంపెనీలో పని కోసం వెతుకుతూ వెతుకుతూ మా దుకాణానికే వచ్చి వెళ్లాడు. ఇన్నాళ్లూ బావ సొమ్ముతో ఊరందరికీ బకెట్లు చూపించానన్నమాట.

ఏ మాట ఉంటే మన ప్రకటన రాకూడదో ఆ మాటలు ఒక్కొక్కటే నిషేధం జాబితాలో వేశాను. "జాబ్" వేస్తే "జాబ్స్" ఆగదు, రెండూ విడివిడిగా వెయ్యాలి. "జీతం" ఇంగ్లీషులో, తెలుగులో. పెయింట్, స్కేటింగ్, లెదర్, ప్లాస్టిక్. ఊపులో "ధర" కూడా వెయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను, కొనేవాడు మొదట అడిగేది అదే కదా.

మధ్యాహ్నానికి జాబితా దాదాపు అయిపోయింది. మనసులో సూర్యాపేట బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను కూడా. అప్పుడు కనబడింది ఆ వరస. మా దుకాణం పేరు, పక్కన ఊరు పేరు. కొనేవాళ్లు పేరు పెట్టి వెతకడం మంచిదే. కానీ రోజుల వారీగా విడదీసి చూస్తే రోజుకు ఒకటే క్లిక్కు. తప్పకుండా ఒకటి. ఆదివారం కూడా. నెలకు ఒక్క రోజు మాత్రం లేదు. క్యాలెండర్ తీసి చూశాను. అమావాస్య. అమావాస్య నాడు మా దుకాణం తెరవం.

ఎవరో నాకు తెలుసు.

బావ నాన్న, మా అందరికీ పెద్దాయన, పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి తాళం తీస్తాడు. గల్లాపెట్టెకు ఊదుబత్తి, తక్కెడకు ఊదుబత్తి, కంప్యూటర్‌కు ఊదుబత్తి. మన పేరు అందరికన్నా పైన వస్తుంది చూడు మామా అని గొప్పకు పోయి ఆయనకు టైపు చెయ్యడం నేర్పింది నేనే. వెతికి, పైన వచ్చిన మన పేరుకు దండం పెట్టి, ఒకసారి నొక్కి బోణీ చేసేవాడు. వెంట వెంటనే పది సార్లు నొక్కితే ఆ కంపెనీ వాళ్లు దొంగ క్లిక్కని పట్టుకుని లెక్కలోంచి తీసేస్తారేమో. రోజుకు ఒకటి నొక్కే భక్తుణ్ణి ఎవరు పట్టుకుంటారు?

ఆ పేరును నిషేధించడానికి లేదు, రేపు పేరు పెట్టి వెతికే కొనేవాళ్లూ పోతారు. దుకాణం నెట్ కనెక్షన్‌కే ప్రకటన కనబడకుండా చెయ్యొచ్చు, కానీ రాత్రి మోడెం ఆపి పొద్దున వేస్తే నెట్‌లో దాన్ని గుర్తుపట్టే నంబరు మారిపోతుంది. అసలు కనబడకపోతే పేరు పోయిందని పెద్దాయన దుకాణం మూసినంత పని చేస్తాడు. ఇక మిగిలింది బావకు చెప్పడం. నేను వచ్చిన కొత్తలో కంప్యూటర్ ముట్టుకోవద్దు నాయినా అని బావ అన్నందుకు పెద్దాయన పది రోజులు ఇంట్లో అన్నం ముట్టలేదు. అక్క టిఫిన్ పట్టుకుని దుకాణానికీ ఇంటికీ తిరిగి చిక్కిపోయింది.

సాయంత్రం బావ వచ్చాడు. పెద్దాయన ఇంటికి వెళ్లిపోయాడు. నిషేధం జాబితా చూసి బావ బకెట్ల దగ్గర నవ్వాడు కూడా. వేలు ఆ వరస మీదికి వచ్చి ఆగింది. అన్నీ చూపిస్తానని నేనే ప్రింటు తీశాను, ఆ ఒక్క కాగితం దాచే తెలివి రాలేదు.

"గిది మన పేరే గదా. రోజుకొకటి. ఎవడు కొడుతున్నడు?"

గోదాములో బయటికి ఒకటే తలుపు. దానికి అడ్డంగా బావ.

"నేనే బావా," అన్నాను. "వస్తున్నదా లేదా అని పరీక్ష చేసిన."

"ఏడాది పొడుగునా?"

"పరీక్షల్ల నేను ఫెయిలే గదా. మళ్లీ మళ్లీ రాయాలె."

బావ కాగితాలు మడిచాడు. అరవలేదు, అదే ఇబ్బంది. ఒక నెల గీ వరస లేకుండా చూపించు, తర్వాత ఎక్కడికైనా పో అన్నాడు.

మరునాడు పెద్దాయనకన్నా ముందు దుకాణం ముందు నిలబడ్డాను. ఆయన తాళం తీసి, ఊదుబత్తులు వెలిగించి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మన పేరు కొట్టాడు. పైన వచ్చింది. దండం పెట్టాడు.

"మామా, సూసినవ్ గదా. ఇయ్యాల నొక్కకు, సాలు."

ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "నొక్కకుంటే బోణీ ఎట్లయితదిరా?"

ఒక క్లిక్కుకు ఎంత పోతుందో చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే ఈయన మానేస్తాడు. మానేసి, ఎందుకు మానేశాడో కొడుకుకు చెబుతాడు, మళ్లీ అక్క టిఫిన్ పట్టుకుని తిరగాలి. నోరు మూసుకున్నాను. ఆయన నొక్కాడు, తృప్తిగా టీ తెమ్మన్నాడు.

టీ కోసం బయటికొచ్చి సూర్యాపేట స్నేహితుడికి ఫోన్ చేశాను. ఈ నెల రాలేనన్నాను. ఎందుకని అడిగాడు. ఇక్కడ పని మిగిలి ఉందన్నాను. వచ్చే నెల పక్కా గదా అన్నాడు. రెండు టీలు అని కొట్టు మనిషికి చెప్పి ఫోన్ పెట్టేశాను.