చెల్లెలి చేతుల మీద నూనె చారలు

నర్సరీలో దోమలకు పగలు, రాత్రి అని తేడా ఉండదు. కుండీల అడుగున నీళ్ళు నిలుస్తాయి, మట్టి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, నీడకు కట్టిన పచ్చవలల కింద ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. మనకు హాయిగా ఉన్నచోటే వాటికీ హాయి. కడియం వైపు నర్సరీల్లో నేనూ మా చెల్లెలూ ఏళ్ళ తరబడి పనికి వెళ్తున్నాం. చీర మీద మగవాళ్ళ పాత పొడుగు చేతుల చొక్కా, తలకు తువ్వాలు, చొక్కా కప్పని మెడకూ చేతులకూ దోమల నూనె. అక్కడి ఆడవాళ్ళ వేషం అదే.

ఆ నూనె కాచేది నేనే. కొబ్బరి నూనెలో వేపాకు మాడేదాకా మరిగించి, వడకట్టి, కర్పూరం కలిపేదాన్ని. పనిచేసేది కానీ కంపు భరించలేకపోయేవారు.

"వొదినా, నీ నూనె రాసుకుంటే దోమలే కాదు, మా ఆయన కూడా దగ్గరికి రావట్లేదే" అనేది మాతో మట్టి కలిపే పెద్దావిడ.

"అయితే ఇంకో సీసా పట్టుకెళ్ళు, పిల్లలు చాలన్నావుగా" అనేదాన్ని నేను.

నవ్వుకున్నాం కానీ, ఆ మాట నా మనసులో ఉండిపోయింది. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. నాకంటూ ఉన్న గొప్పల్లో ఈ నూనె ఒకటి. దానికి మంచి వాసన పట్టించాలనుకున్నాను.

రాజమండ్రిలో అగరబత్తీల వాళ్ళకు సెంట్లు, నూనెలు అమ్మే కొట్టు ఒకటుంది. కొట్టతను నాలుగైదు సీసాల మూతలు తీసి వాసన చూపించాడు. ఒకటి చూడగానే ఆగిపోయాను. పచ్చి దబ్బకాయ తొక్కను గోటితో గిల్లితే ముక్కుకు తగిలే ఘాటు, దాని వెనకాల ఏదో పువ్వు వాసన.

"ఇదేంటండి?"

"బెర్గమాట్ అండి. నిమ్మజాతే. మన దగ్గర పండదు, పై దేశాల కాయ. తొక్క పిండి తీస్తారు."

తొక్క పిండి తీసిందంటే ఇంక భయమేముంది అనుకున్నాను. నిమ్మ, నారింజ, దబ్బ తొక్కలు పుట్టినప్పటి నుంచీ చేతుల్లో నలుపుతూనే ఉన్నాను. ఒంటికి రాసుకోవచ్చా అని అడగలేదు. పచ్చళ్ళు పెట్టే చేతులకు అడగాలని తోచలేదు. పావు లీటరు నూనెకి రెండు చెంచాలు నిండుగా పోశాను. కూరలో కారం వేసినట్టు కళ్ళతోనే కొలిచాను.

పని దగ్గర ఏడుగురం తలో చిన్న సీసా పంచుకున్నాం. ఆ వారమంతా షెడ్డులో ఘుమఘుమలే. దోమలు మునుపటి కంటే తగ్గాయని చెప్పలేను కానీ, మనుషుల సణుగుడు తగ్గింది.

రోహిణి కార్తెలో ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. లారీ బయట మైదానంలో ఆగింది. అక్కడ వల లేదు, నీడ లేదు. మా చెల్లెలిని ఎక్కింపు మీద పెట్టారు. పెద్ద కుండీలు ఎత్తాలంటే చొక్కా చేతులు అడ్డం పడుతున్నాయని మోచేతుల దాకా మడుచుకుంది. పొద్దున రాసుకున్న నూనె చెమటకు పోయిందని, మళ్ళీ బాగా పట్టించుకుంది. మధ్యాహ్నం దాకా ఎండలో ఎత్తింది. నేను లోపల షెడ్డులో మట్టి కలుపుతున్నాను.

ఆ రాత్రి ఏమీ లేదు. మర్నాడు చేతులు ఎర్రగా కాలినట్టున్నాయంది. ఎండ దెబ్బేలే అన్నాను. ఇంకో రోజుకు పొక్కులు లేచాయి. మామూలు ఎండ దెబ్బయితే చెయ్యంతా ఒకేలా కందాలి కదా. ఇవి చారలు చారలుగా, ముంజేతి మీద నీళ్ళు కారిన దారుల్లా ఉన్నాయి. మెడ పక్కన నాలుగు వేళ్ళ అచ్చు ఉంది. మంట, దురద. నిద్ర లేదు, అన్నం ముద్ద కలుపుకోలేకపోయింది. నేనే కలిపి పెట్టాను. నలభై దాటిన చెల్లెలికి ముద్దలు పెడుతుంటే నాకే నీరసం వచ్చింది.

పని దగ్గర తలో మాటా మొదలైంది. పురుగుమందు అన్నారు, మొక్కపాలు అన్నారు. ఒకామె మా చెల్లెలు తాగిన గ్లాసు పక్కకు జరిపింది. "ఏదో చర్మరోగంలా ఉందే. మాకూ తగులుకుంటే?"

మేస్త్రీ మంచివాడే. కానీ ఆయన వెనక యజమాని ఉన్నాడు. తొలకరి పడగానే మామిడి అంట్లు కట్టే షెడ్డు తెరుస్తారు. అక్కడ అంట్లు కట్టేవాళ్ళకు పెద్దగా ఉండే ఆమె మోకాళ్ళ నొప్పులతో మానేసింది. ఆ చోటు మా చెల్లెలికి ఇస్తానని మేస్త్రీ అప్పటికే మాటిచ్చాడు. మా చెల్లెలు కట్టిన అంట్లలో చచ్చేవి తక్కువ. ఏళ్ళ తరబడి బుట్టలు మోసిన తర్వాత కూర్చుని చేసే పని, చేతి నేర్పుకు విలువిచ్చే పని వస్తోందని అది ఎంత ఆశ పెట్టుకుందో నాకు తెలుసు.

"అమ్మా, తగ్గేదాకా ఇంటికాడే ఉండు" అన్నాడు మేస్త్రీ. "ఈ చేతుల్తో షెడ్డులో కూర్చుంటే మిగతావాళ్ళు లేచెళ్ళిపోతారు. అదేంటో తేలకపోతే వేరే మనిషిని చూసుకోవాలి, ఏమనుకోకు."

రాజమండ్రి వెళ్ళి చర్మం డాక్టరమ్మగారి దగ్గర కూర్చున్నాం. ఆవిడ చేతులు తిప్పి చూసి, చారల వెంట పెన్నుతో గాలిలో గీతలు గీసి, ఒకటే అడిగారు. "ఒంటికి ఏం రాశారమ్మా?"

సీసా నా సంచిలోనే ఉంది. తీసిచ్చాను. ఆవిడ మూత తీసి వాసన చూశారు.

"నిమ్మజాతి నూనె వేశారా?"

"బెర్గమాటంటండి. నేనే కాచానండి."

"ఎంత వేశారు?"

చెప్పాను. ఆవిడ తిట్టలేదు. అందుకే ఇంకా కష్టమనిపించింది.

"తొక్క పిండి తీసిన ఈ నూనెల్లో ఒక పదార్థం ఉంటుందమ్మా. నీడలో ఉన్నంతసేపూ ఊరకే ఉంటుంది. చర్మం మీద అది ఉండగా గట్టి ఎండ తగిలితే ఆ చర్మాన్ని కాల్చేస్తుంది. ఆ రోజే తెలీదు, ఒకటి రెండు రోజులకి బయటపడుతుంది. బెర్గమాట్‌లో ఎక్కువ. పిండి తీసిన నిమ్మనూనెలోనూ ఉంటుంది."

"చేతులతో రోజూ నిమ్మకాయలు పిండుతూనే ఉంటామండి" అంది మా చెల్లెలు.

"పిండి, కడుక్కుని, వంటింట్లోనే ఉంటారు కదా. అదే రసంతో ఎండలో కూర్చోండి, అప్పుడు తెలుస్తుంది."

"ఇది ఎవరికైనా తగులుకుంటుందా అండి?" అని అడిగింది. దానికి కావలసింది ఆ ఒక్క సంగతే.

"లేదు. అంటురోగం కాదు, అలర్జీ కూడా కాదు. ఆ నూనె అంత రాసుకుని ఆ ఎండలో నిలబడితే నాకైనా ఇంతే."

పొక్కులు చిదమొద్దన్నారు, చల్లని తడిగుడ్డ వెయ్యమన్నారు, పూతమందు రాశారు. మానాక గోధుమరంగు మచ్చలు నెలల తరబడి ఉండొచ్చు, ఎండ తగలనివ్వద్దన్నారు. అంటురోగం కాదని ఒక చీటీ కూడా రాసిచ్చారు.

బస్సు సగం దూరం వచ్చాక మా చెల్లెలే అంది. "అక్కా, మొక్కపాలు పడ్డాయని చెప్దాం. నీ నూనె సంగతి ఎత్తొద్దులే."

"మరి చీటీ?"

"చీటీలో రోగం కాదనేగా ఉంది. నూనె పేరు లేదు."

నా పరువు కోసం అది అంత ఆలోచించింది. నాకు ఒప్పుకోవాలనే ఉంది. అప్పటికే అలిసిపోయి ఉన్నాను. అందరి ముందు నిలబడి, మీ ఒంటికి నేనే మంట పెట్టానని చెప్పే ఓపిక ఎక్కడినుంచి తేవాలి? కానీ మిగతా ఐదు సీసాలూ వాళ్ళ సంచుల్లోనే ఉన్నాయి. లారీ ఎవరి వంతుకైనా రావచ్చు.

మర్నాడు అన్నాల వేళ చెప్పేశాను. మేస్త్రీ కూడా అక్కడే ఉన్నాడు. దాచకుండా, కొలత లేకుండా పోశానని కూడా చెప్పాను.

"ఆయ్! కంపు నూనె పోయి కాల్చే నూనె వచ్చిందన్నమాట" అంది గ్లాసు జరిపిన ఆమె. "మా మీద పరీక్ష చేశావా ఏంటి?"

"ఊరుకోవే, ఆవిడ చెల్లెలే కాలింది" అంది పెద్దావిడ. తువ్వాలు జరిపి మెడ వెనక్కి తిరిగింది. అక్కడ కందిపోయి నల్లబడిన మచ్చ. "ఉక్కపొక్కులనుకున్నాను. ఇదీ అదేనా వొదినా?" మిగతావాళ్ళ చొక్కాలు, పచ్చవలలు వాళ్ళను చాలావరకు కాచాయి. అంతే తేడా.

సీసాలన్నీ తిరిగి తీసుకున్నాను. ఒకామె మొదట ఇవ్వలేదు. వాసన బాగుందని జడకు పెట్టుకుంటానంది. జారి మెడ మీదికి వస్తుందే, ఇవ్వు తల్లీ అని బతిమాలాల్సి వచ్చింది.

మేస్త్రీ చీటీ రెండుసార్లు చదివాడు. "రోగం కాదంటే కాదు. పొక్కులు ఆరాక రమ్మను" అన్నాడు. షెడ్డు సంగతి మాత్రం ఎత్తలేదు.

తర్వాత ఆ కొట్టుకు వెళ్ళి, ఈసారి అడగాల్సినవన్నీ అడిగాను. అతను నొచ్చుకున్నాడు. "అగరబత్తికనుకున్నానండి. ఒంటికైతే పావు లీటరుకి ఒక్క మిల్లీలీటరు దాటకూడదు. మీరు పదింతలు పోశారు." ఎండలో కాల్చే పదార్థాన్ని తీసేసిన బెర్గమాట్ వేరే ఉంటుందట. పిండకుండా ఆవిరి పట్టి తీసిన నిమ్మనూనెకూ ఆ బాధ లేదట. తీపి నారింజ నూనెలో ఆ భయం బాగా తక్కువట. ఒళ్ళు కడిగేసుకునే సబ్బులో ఉన్నా పెద్ద భయం లేదట. అన్నీ విని ఏదీ కొనకుండా వచ్చేశాను. ఇప్పుడు ఒంటికి ఉత్త వేప నూనే. వాసన కావాలన్నవాళ్ళకు మిగిలిన బెర్గమాట్ ఒక చుక్క పైచొక్కా అంచుకు అద్దుతున్నాను, చర్మానికి తగలనిచోట, ఆరాక వేసుకోమని. ఆ మాట రోజూ చెప్పాలి. రోజూ ఎవరో ఒకరు మరిచిపోతారు.

తొలకరి పడింది. మా చెల్లెలి చేతుల మీద పొక్కులు రాలి గోధుమరంగు చారలు మిగిలాయి. మణికట్టు దాకా చొక్కా దించుకుని అంట్ల షెడ్డు గుమ్మంలో నిలబడింది. లోపల, తనకిస్తానన్న ముందువరుస పీట మీద ఇంకొకామె కూర్చుని ఉంది, ఆ గ్లాసు జరిపిన ఆమే. మేస్త్రీ ఒక కత్తి, నాలుగు మామిడి కొమ్మలు మా చెల్లెలి చేతికిచ్చాడు. అది నిలబడే కొమ్మ చెక్కింది, కుండీలోని మొక్కకు ఆనించింది, ప్లాస్టిక్ పట్టీ చుట్టింది. వేళ్ళు కొంచెం బిగుసుకున్నాయి కానీ కత్తి గురి తప్పలేదు. మేస్త్రీ ఆ కట్టు మీద బొటనవేలు ఆనించి చూశాడు.

"లేమ్మా" అన్నాడు పీట మీదామెతో.

ఆమె లేస్తూ, "చారలు పోతాయా మరి?" అని అడిగింది.

"పోతే పోతాయి, లేకపోతే లేదు" అంది మా చెల్లెలు. కూర్చుని, పక్కనున్న ఖాళీ గోనె తట్టి నాకేసి చూసింది. "ఏంటక్కా అలా నిలబడ్డావు? కొమ్మలు అందించు."

నేను కూర్చున్నాను.