నాగమ్మకు అన్న మాట కింద

దేవదానం సారు ఇక లేరని కడప నుంచి ఫోను వచ్చినప్పుడు నేను కర్నూలులో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఫోను పెట్టేశాక కూడా నాలుగు పేపర్లు దిద్దాను. ఎన్ని మార్కులు వేశానో గుర్తులేదు. ఆ గురువర్యుని నిర్యాణం నాకు అశనిపాతమని రాయాలనే ఉంది గానీ, నిజం చెప్పాలంటే మొదట ఆవరించింది నిస్సత్తువ. ఇక నా కవిత్వం ఎవరికి చూపించను?

సారు కోసిగి జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పారు. నేనక్కడ ఆయన శిష్యుణ్ణి. రిటైరై కడప చేరాక, మా ప్రాంతపు కవుల రాతప్రతులు దిద్దడమే ఆయనకు నిత్యానుష్ఠానం. నా మొదటి దీర్ఘకవిత పట్టుకుపోతే, కవిత సంగతి వదిలేసి చుట్టూ ఉన్నవాటినే చూశారు. పైన సంస్కృత శ్లోకం, దాని కింద మూడు వరుసల అంకితం, అడుగున పదకొండు పాదసూచికలు.

"వాకిట్లోనే బువ్వ పెట్టేస్తే ఇంట్లోకి ఎవురొస్తారప్పా?" అని ముందు శ్లోకం కొట్టేశారు. కవిత చివర్లో తేలాల్సిన సంగతి ఆ శ్లోకంలోనే ఉందట. అంకితంలో పేరు ఉంచి, ఆ మనిషి గొప్పతనమంతా తీసేశారు. "పేరు ఆయనకి. మిగతాదంతా నీ డప్పు" అన్నారు. ఆ రోజు ఆయన మీద నాకు శానా కోపమొచ్చింది, దాచుకోవడమెందుకు.

పాదసూచికల దగ్గర ఆయన పద్ధతి వేరు. అవేవీ చదవకుండా, రాయచోటి నుంచి వచ్చిన వాళ్ల వదినగారికి కవిత వినిపించమన్నారు. 'సుగ్గి' దగ్గర ఆమె ఆపింది. "అదేందప్పా, పండగా?" అంది. పనుల్లేక మా పడమటి పల్లెలు మూటలు కట్టుకుని దూరజిల్లాలకు కూలికి పోవడమే సుగ్గి. సారు దానికి కూడా సూచిక వేయనివ్వలేదు. మూటలూ మిరపకోతా ఉన్న పాదాన్ని ముందుకు జరిపించారు. మళ్లీ చదివితే ఆమె ఆపలేదు. పూడిపోయిన ఒక బావి పేరు మాత్రం ఎక్కడ జరిపినా తెలియలేదు. ఆ ఒక్క సూచికే నిలిచింది, అదీ పుస్తకం చివర, పాదం మీద అంకె లేకుండా. "అంకె కనపడితే గొంతు ఆగిపోతాది" అన్నారు. ఆయన మాట నాకిప్పటికీ కంఠస్థం: "మాట తెలీక ఆగితే నోటు ఎయ్యి. ఆలోచిస్తా ఆగితే మాత్రం ఎయ్యొద్దు."

సారు తనకంటూ మిగిల్చింది ఒకే సంపుటి. ఆయన పోయేనాటికి అది అచ్చులో ఉంది. చివరి కవిత 'హాజరు'. ఖాళీ గదిలో ఒక ముసలి పంతులు పేర్లు పిలుస్తుంటాడు, ఒక పేరు దగ్గరకొచ్చి ప్రతిసారీ దాటేస్తాడు. పైన 'నాగమ్మకు' అని ఉందంతే.

ప్రచురణకర్త నాకు ఫోను చేశాడు. "ఎవురీ నాగమ్మ అని అందరూ అడుగుతారు సార్. మీకు తెలుసు గదా, రెండు ముక్కలు రాసియ్యండి. ఎల్లుండి ఆఖరి పేజీల ఫారం అచ్చుకెక్కుతాది."

నాకు తెలుసు. నాగమ్మ కూతురు ఈరమ్మ మా క్లాసే. తల్లితో సుగ్గికి పోయి హాజరు చాలకపోతే, సారు పరీక్షకు పంపలేదు. నిబంధన నిబంధనే అన్నారు. ఆ పిల్ల మళ్లీ కాలేజీకి రాలేదు. మరుసటేడు మిరపచేలలోనే జ్వరమొచ్చి చనిపోయింది. ఇదంతా కింద రాస్తే ఆ కవిత సంజాయిషీ అయిపోతుంది. రాయకపోతే? ఏమీ తోచక మర్నాడు కోసిగి బస్సెక్కాను.

నాగమ్మ గడపలో కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది. సారు పోయారని చెప్పాను. "అయ్యో, మంచాయనప్పా" అంది. ఆ మాటకు నాకు తల కొట్టేసినట్టయింది. ప్రచురణకర్త పంపిన ప్రూఫులోంచి కవిత చదివి వినిపించాను. ఒలవడం ఆపి చివరిదాకా వింది.

"నా పేరు ఏసినాడు. సంతోషం" అంది. మళ్లీ ఒక కాయ అందుకుంటూ అడిగింది, "అందురినీ పిలుస్తాండాడు గదప్పా, మా ఈరి పేరు యాడుండాది?"

ఆ పేరు లేకపోవడమే ఆ కవిత ప్రాణమని ఆమెకు చెప్పబోయాను. ప్రూఫు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

తిరుగు బస్సులో రాశాను. కారణం లేదు, కథ లేదు, నిబంధన లేదు. పుస్తకం చివరి పేజీలో ఒకే వరుస: 'నాగమ్మ కూతురు పేరు ఈరమ్మ.' ఇది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను. సారు నేర్పిన లెక్కన ఇది ఉండకూడదు. ప్రూఫు చేతిలో పెట్టుకుని రాత్రికి రాత్రే కడప పోదామనిపించింది.

సారూ, మీకు నమస్కరిస్తున్నాను. ఆ వరుస అచ్చయిపోయింది. కొట్టేసేవాళ్లెవరూ లేరు.