నకలు అడుగున రెండు వరుసలు

పోస్టుమాన్ కలం అందిస్తే ఆవిడ తీసుకోలేదు. ఎడమ బొటనవేలు చాపింది. నాకు మొదటిసారి భయం వేసింది ఆ క్షణంలోనే.

ఎదురు క్వార్టర్ వరండాలో జరిగిందిది. పగలు పదకొండు గంటలు. యుద్ధం రోజులు, ఇంజన్ల షెడ్డులో మగవాళ్లకి డ్యూటీలు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తాయో తెలిసేది కాదు. ఆ ఇంటాయన కొడుకు ఫైర్‌మన్, బిల్హా వైపు గూడ్సు మీద వెళ్లి రెండు రోజులు. కోడలికి నెలలు నిండాయి. పద్దెనిమిదేళ్ల పిల్ల, తొలి కాన్పు. పురుడు పోయడానికి విజయనగరం వైపు నుంచి వచ్చిన మంత్రసానిని రెండు వారాల ముందే వెనక గదిలో పెట్టుకున్నారు. ఆవిడ పేరుకే ఆ రోజు రిజిస్టర్ ఉత్తరం వచ్చింది.

పోస్టుమాన్‌కి ఇది కొత్త కాదు. సంచీలోంచి సిరా అద్దిన గుడ్డముక్క తీశాడు. ఆవిడ వేలు అద్ది రసీదు మీద నొక్కింది. "బహెన్‌జీ, ఒక సాక్షి సంతకం," అన్నాడు నన్ను చూసి. వేలిముద్ర పక్కన చదువు వచ్చినవాళ్లు ఎవరైనా సంతకం చెయ్యాలి. చేశాను. ఆ వేలు ఆవిడదేనని కళ్లారా చూశాను కాబట్టి చేశాను. కలం తిరిగి ఇస్తున్నా నా చూపు ఆ వేలిముద్ర మీదే ఉంది.

ఎందుకంటే రెండు వారాల కింద ఇదే వరండాలో ఆవిడ సర్టిఫికెట్టు నకలు చదివి పెట్టింది నేనే. మద్రాసులో బీయే చదివి రైల్వే గార్డుని పెళ్లాడి బిలాస్‌పూర్ వచ్చినదాన్ని. ఈ క్వార్టర్ల లైనులో ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా నా దగ్గరికే వస్తుంది. ఆ రోజు చంకలో చంటిది ఏడుస్తోంది. పైన పెద్ద అక్షరాలు చదివాను, కింద రూపాయంత ఎర్రసీలు చూశాను. "మిడ్‌వైఫ్ పరీక్ష పాసైనట్టు సర్టిఫికెట్టు అత్తమ్మా, నోటరీ సీలు కూడా ఉంది," అన్నాను ఆ ఇంటావిడతో; వరస కలిపి ఆవిడని అలాగే పిలుస్తాను. అంతే. ఆ మాటతో వెనక గదిలో మంచం పడింది.

ఆ పరీక్ష రాతపరీక్ష అని కూడా ఆ పెద్ద అక్షరాల్లోనే ఉంది. సంతకం రాని మనిషి అది ఎలా రాస్తుంది?

పోస్టుమాన్ వెళ్లగానే ఎదురింటి అత్తమ్మని ఆ కాగితం మళ్లీ అడిగాను. గూట్లోంచి, పసుపు డబ్బా కిందనుంచి తీసి ఇచ్చింది. ఈసారి అడుగుదాకా చదివాను. టైపు చేసిన నకలు. అసలు కాగితం మీద సంతకాలు ఉన్నచోట 'సంతకం ఉంది' అని మాత్రం కొట్టి ఉంది. ఆ సంతకాలు ఎలా ఉంటాయో నకలులో కనబడదు. సీలు పక్కన చీమల్లాంటి అక్షరాలతో రెండు వరుసలు: నా ఎదుట ఉంచిన అసలుతో పోల్చి చూశాను, ఈ నకలు దానికి సరిగ్గా ఉంది. కింద నోటరీ సంతకం, పుస్తకం నెంబరు, తేదీ.

ఇంకేమీ లేదు. ఈ మంత్రసాని గురించి ఒక్క ముక్క లేదు.

అత్తమ్మని లోపలికి పిలిచి మెల్లగా చెప్పాను. ఆవిడ మెల్లగా వినే మనిషి కాదు.

"ఏటే అమ్మా, మొన్న నువ్వే చదివినావు, పాసైందన్నావు. ఇయ్యాల కాదంటన్నావు. బీయే చదువంటే రోజుకో మాటేటి?"

"మొన్న కింద వరకూ చదవలేదు అత్తమ్మా."

"మరి చదవకండా ఎందుకు చెప్పినావు?"



మావయ్యగారు, అంటే ఆవిడ భర్త, మంచం మీంచి లేచి వచ్చారు. రిటైరైన డ్రైవరు. "అచ్ఛా, సీలు దొంగదా?" అన్నారు.

"కాదు మావయ్యా. సీలు మంచిదే అనుకుంటాను."

"మరింకేటి? సీలుంటే లైన్ క్లియర్ వచ్చినట్టే గదా. ముప్పై ఏళ్లు బండి నడిపినాను. స్టేషన్ నుంచి కాగితం అందితే డ్రైవరు ఇంక అడగడు."

రైల్వే వాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది. పాసు మీద సీలు, పార్సెల్ మీద సీలు, వ్యాగన్ తలుపుకి సీలు. సీలు పడితే మనిషి ఆలోచించడం మానేస్తాడు. నాకు ఒళ్లు మండింది. మండినా గొంతు పెంచలేదు, పక్కగదిలో ఆ పిల్ల వింటోంది.

"మావయ్యా, లైన్ క్లియర్ ఏం చెబుతుంది? ముందు స్టేషన్ దాకా దారి ఖాళీ అని. మీ ఇంజను బాయిలర్ బాగుందని చెబుతుందా?"

ఆయన గడ్డం రుద్దుకున్నారు. "అది షెడ్డోడు చూడాలి."

"మరి ఈవిడ బాయిలర్ ఎవరు చూశారు?"

"ముసలోణ్ని చేసి ఆడుకుంటన్నావు కోడలా," అన్నారు గానీ చొక్కా తొడుక్కున్నారు. "పద, ఆ సీలోణ్నే అడుగుదాం. నీ మాట తప్పైతే మా ఇంటిదానికి దణ్ణం పెట్టాల."

చంటిదాన్ని పక్కింట్లో అప్పగించి టాంగాలో కోర్టు కచేరీకి వెళ్లాం. నోటరీ ఒక వకీలు, నుదుట గంధం, వెలిసిన నల్లకోటు. వరండాలో బల్ల, బల్ల మీద సీలు కొట్టే ఇనప యంత్రం. నకలు చూపించి హిందీలో అడిగాను: ఈ స్త్రీ పరీక్ష పాసైందని మీరు ధ్రువీకరించారా?

"నేను ఏ స్త్రీనీ ధ్రువీకరించలేదు," అన్నాడాయన. "ఈ నకలుని ధ్రువీకరించాను."

"తేడా?"

ఆయనకి కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది. రోజుకి పదిమందికి చెప్పే మాటలా చెప్పాడు. అసలు కాగితం, టైపు నకలు రెండూ తెస్తారు. గుమస్తా ఒకటి చదువుతాడు, తను రెండోది పట్టుకుని మాట మాటా పోలుస్తాడు. దిద్దుళ్లు, కొట్టివేతలు అసలు మీద ఉంటే నకలు మీద రాయిస్తాడు. సరిపోతే సంతకం, సీలు, పుస్తకంలో నెంబరు. అసలుని ఆ ఆసుపత్రి నిజంగా ఇచ్చిందా, అందులో రాసింది నిజమా, అందులో పేరున్న మనిషీ తెచ్చిన మనిషీ ఒకరేనా, ఇవేవీ ఆ సీలులో లేవు. పచ్చి దొంగ కాగితమని కళ్లకి కనబడితే సీలు వెయ్యడు, అంతే.

"ఎవరైనా నా ముందు కూర్చుని సంతకం చేస్తే అప్పుడు మనిషిని చూస్తాను," అన్నాడు. "నాకు తెలిసినవాడా, లేకపోతే తెలిసినవాణ్ని వెంట తెచ్చాడా అని అడుగుతాను. ప్రమాణపత్రమైతే ప్రమాణం చేయిస్తాను. అప్పుడు కూడా అతను చెప్పింది నిజమని నేను చెప్పను. నా ముందు ప్రమాణం చేశాడని చెబుతాను. నకలు తెస్తే కాగితాన్ని చూస్తాను. మనిషితో నాకు పనిలేదు."

"మనిషితోనే కదండీ పని మాకు," అన్నాను. "సీలు అంత పెద్దదీ, మాటలు ఇంత చిన్నవీ ఎందుకు మరి? చదువు రానివాళ్లకి కనబడేది సీలే."

"అమ్మా, చదువు వచ్చినవాళ్లు మాటలు చదవాలి," అన్నాడు.

చెంప మీద కొట్టినట్టయింది.

మావయ్యగారు అప్పటిదాకా నిలబడే ఉన్నారు. ముక్కలు ముక్కలు హిందీలో, "బాబూ, ఈ కాగితం తెచ్చిందెవరు?" అని అడిగారు. నోటరీ కాసేపు తటపటాయించి, నకలు మీద నెంబరు చూసి పుస్తకం తీశాడు. మిగతా వరుసలు అరచేత్తో కప్పి ఒక్కటే చదివాడు. తెచ్చినవారి గడిలో మగవాడి పేరు ఉంది. ఆయన ఈ మంత్రసానిని ఎప్పుడూ చూడనే లేదు.

టాంగా ఎక్కాక మావయ్యగారు కాగితం మడిచి నా చేతికి ఇచ్చారు. తరవాత, "షెడ్డోడు చూడలేదు కోడలా," అన్నారు.

మేం దిగేసరికి ఆ పిల్లకి నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని వాకిట్లో నీళ్లు కాస్తోంది. నేను కాగితం ఆవిడ ముందు పెట్టాను. సీలు మీద వేలు పెట్టి అడిగాను. "ఇది ఎవరిది?"

ఆవిడ పొయ్యి ఎగదోస్తూనే చెప్పింది. "మా వదినది. నాదీ దానిదీ ఒకటే పేరు. పెద్దాసుపత్రిలో సదువుకున్నాది. పదేళ్లు దాని సంచీ మోసినాను. అది పోయినాక ఈ ఊళ్లోనే ఉన్న మా అన్న ఈ కాగితం సేయించి ఇచ్చినాడు, సూపించుకోమని."

"నీదని చెప్పి ఇంట్లో దిగావు కదా?"

"నానెప్పుడు సెప్పినాను? కాగితం ఇచ్చినాను. సదివింది నువ్వు గదా అమ్మా."

అత్తమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆవిడ మంత్రసానిని ఒక్క మాట అనలేదు. "బీయే," అంది, అంతే.

కోపం ఎవరి మీద పడాలో తెలియక నాలోనే తిరిగింది. చదవడం రాని మనిషి చేతిలో చచ్చినవాళ్ల కాగితం పెట్టి పంపిన అన్న మీద. మాట మాటా పోల్చి, మనిషిని చూడని ఆ నోటరీ మీద. తన పని తను సరిగ్గానే చేశాడు, అదే ఇంకా మంట. ఇంజను పొగ పీల్చి పీల్చి సీలుని నమ్మే మా లైను మీద. ఇవన్నీ తిరిగి తిరిగి వచ్చి నా మీదే ఆగాయి.

అత్తమ్మ రైల్వే ఆసుపత్రికి ఒప్పుకోలేదు, అక్కడ డాక్టరు మగవాడని. నర్సయితే ఇంటికి వస్తుందని నేను. ఆ పిల్ల లోపల్నుంచి అరిచింది. మావయ్యగారు పెళ్లాం వైపు చూడకుండా, "పో కోడలా, ఆ నర్సుని తీసుకురా," అన్నారు. నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ మాట కాదని ఆయన మొదటిసారి అన్న మాటట అది.

నర్సు వచ్చి చెయ్యి కడుక్కుని చూసింది. బిడ్డ అడ్డంగా ఉంది. ఇంట్లో కాదంది. నలుగురు మగవాళ్లు మంచంతో సహా మోసుకుపోయారు. మంత్రసాని పక్కనే నడుస్తూ ఆ పిల్ల నడుం పట్టుకుంది; పదేళ్లు సంచీ మోసిన చెయ్యి, అది కూడా అబద్ధం కాదు. కానీ ఆ చేతికి బిడ్డ అడ్డంగా ఉందని తెలియలేదు. దీపాలు పెట్టే వేళకి డాక్టరు బిడ్డను తీశాడు. తల్లీ కూతురూ బతికారు.

ఇది రాస్తుంటే నా పిల్లలు పక్కన నిద్రపోతున్నారు. ఆ రాత్రి కూడా ఇలాగే వాళ్ల ఊపిరి వింటూ కూర్చున్నాను, ఎదురింటి పిల్ల పోయుంటే ఏమని రాసేదాన్నా అని. అత్తమ్మ ఏడాది నాతో మాట్లాడలేదు. ఇంగ్లీషు కాగితాలు మాత్రం మావయ్యగారి చేత పంపేది, "కింద వరకూ సదవమను," అని చెప్పి.

ఆ పురుడు జరిగిన మర్నాడు పొద్దున మా పెద్దవాడు, రెండోది చద్దన్నం తింటూ అడిగారు: అమ్మా, ఆ మంత్రసాని అబద్ధం చెప్పిందట కదా, అందరూ అంటున్నారు.

"ఆవిడ చెప్పలేదు," అన్నాను. "అమ్మ చెప్పింది. సగం చదివి మొత్తం చదివినట్టు చెప్పింది. రేపు మిమ్మల్ని ఎవరైనా కాగితం చదివి పెట్టమంటే అడుగుదాకా చదవండి. చదవడానికి తీరిక లేకపోతే తీరిక లేదని చెప్పండి. ఇప్పుడు తినండి, అన్నం పొడారిపోతోంది."