వెన్న తీసిన పాల నురగ

మా ఇంట్లో వెన్న తీసిన పాలు పనివాళ్లకే పోసేవారు. ఆస్తి పోయాక సీతమ్మధారలో, మా పాత పనిమనిషి కూతురి కాఫీ షాపులో పని అడిగాను. కప్పులో నురగ నిలిస్తేనే ఉద్యోగం అంది ఆమె. నేను పట్టుబట్టి పద్మనాభం ఊరి నుంచి చిక్కటి గేదె పాలు తెప్పించాను. కాఫీ మిషనుతో ఆవిరి పట్టగానే కాస్త నురగ లేచి, కప్పులో కుంగిపోయింది.

"వెన్న ఎక్కువైతే బుడగలు పగిలిపోతాయి బాబూ. నిలబెట్టేది ప్రోటీను. ఆవు పాలైతే నున్నగా వస్తాది. ఎత్తుగా నిలవాలంటే వెన్న తీసినవే. మా అమ్మ మీ ఇంటి నుంచి తెచ్చీది, గుర్తుందేటి?"

గుర్తుంది. నాకు వేరే పని దొరకలేదు. తల వంచకుండానే ఆ పాలు జగ్గులో పోశాను. నురగ గట్టిగా నిలబడింది. మర్నాడు ఆరింటికే రమ్మంది. ఇప్పటికీ ఆరింటికే వెళ్తున్నాను.