ఖాళీ డబ్బాలు తప్ప

ఆ రేవులో మత్స్యకార సహకార సంఘం సెక్రటరీని ఎదురుగా ఉన్నప్పుడు ‘సెక్రటరీ గారూ’ అని, వీపు తిప్పగానే ‘ఒడ్డు’ అని పిలిచేవాళ్లు. చేపలు పట్టేవాళ్ల సంఘానికి సెక్రటరీ అయ్యుండి మోకాలి లోతు నీళ్లు దాటి దిగని మనిషి మరి. పడవలు లెక్క చూడాలన్నా జెట్టీ మీద నిలబడి మెడ సాచి చూసేవాడు తప్ప, పడవ ఎక్కే బల్ల మీద కాలు పెట్టేవాడు కాదు. ఎగతాళి చేసేవాళ్లు చేశారు. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఎగతాళి చేసేవాళ్లకు కూడా కారణం తెలుసు. కుర్రతనంలో తండ్రితో వేటకు వెళ్తే పడవ తిరగబడింది. నీళ్ల మీద తేలింది ఒక్క ఖాళీ డీజిలు డబ్బా. అది కొడుకు చేతికి దొరికింది, తండ్రికి దొరకలేదు. ఎవరిదో పడవ వచ్చి లాగేదాకా ఆ డబ్బాను పట్టుకునే ఉన్నాడు, లాగాక కూడా వదల్లేదట. ఆ తర్వాత సముద్రం పేరెత్తితే ఒళ్లు జలదరించేది. నాలుగక్షరాలు వచ్చినవాడు కాబట్టి సంఘం వాళ్లు కుర్చీలో కూర్చోబెట్టి, జీతమని ఏదో కొంత ఇచ్చారు.

భయం ఒకసారి ఇంట్లోకి వచ్చిందంటే ఒక్క గదిలో ఉండదు. ఆయనకు ఆఫీసర్లంటే భయం, పడవల ఆసాములంటే భయం, ఫోను మోగితే భయం. సంతకం పెట్టేముందు కలం రెండుసార్లు దులిపేవాడు. అలాంటి మనిషి చేపల శాఖకు ఆ ఉత్తరం ఎలా రాశాడన్నది నాకు ఇప్పటికీ వింతే.

కమిటీ ఆయన్ని అడిగింది డీజిలు గురించి మాత్రమే. దగ్గర్లో చేపలు అడుగంటాయి, వేటకు దూరం పోవాలి, రాయితీ మీద ఇచ్చే కోటా నెల సగానికే అయిపోతోంది, పెంచమని రాయమన్నారు. లైఫ్ జాకెట్లు, అపాయంలో సంకేతం పంపే పరికరాలు కూడా సగం ధరకు ఇస్తారట, అవీ అడిగి చూడమని ఎవరో చివర్లో అన్నారు. ఈయన తీర్మానం కాపీ, పడవల రిజిస్ట్రేషన్ నంబర్లు, లైసెన్సులు అన్నీ జతచేసి రెండు కోరికలూ ఒకే ఉత్తరంలో పెట్టాడు. జాకెట్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే ఒక వాక్యం రాసేసింది: ‘మా పడవల్లో ప్రాణరక్షణకు ఖాళీ డీజిలు డబ్బాలు తప్ప మరేమీ లేవు.’ చదివి వినిపించినప్పుడు కమిటీ వాళ్ల చెవులు డీజిలు మాట దగ్గరే ఆగిపోయాయి. తలాడించి, టీ తాగి వెళ్లిపోయారు.

ఆ వాక్యంలో ఒక్క అబద్ధం కూడా లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

శాఖ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ గదిలో ఫ్యాను తిరుగుతున్నా చెమటలు పట్టాయి. ఇన్‌స్పెక్టర్ చెడ్డవాడేం కాదు. తలుపు దగ్గరగా వేసి, ఆ ఉత్తరాన్నీ, పోయిన ఏటి తనిఖీ రిపోర్టునీ పక్కపక్కన పెట్టాడు. ప్రతి పడవలోనూ మనిషికో జాకెట్టు ఉందని రిపోర్టులో ఉంది. అది ఉంటేనే రాయితీ డీజిలు కార్డు రెన్యువల్ అవుతుంది.

“సెక్రటరీ గారూ, దీని కింద మీ సంతకం ఉంది, దాని కిందా మీ సంతకమే ఉంది. ఏది నిజమని పైవాళ్లు అడిగితే నేనేం చెప్పాలి?” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “దాని కింద నా సంతకం కూడా ఉందండీ” అన్నాడు.

గదిలో ఉన్నది ఇద్దరు, భయం మాత్రం ఒక్కటే. ఆ వాక్యం తీసేసి కొత్త ఉత్తరం రాసి తెస్తే పాతది తనకు అందనట్టే ఉంటానన్నాడు ఇన్‌స్పెక్టర్. లేదంటే పైకి పంపక తప్పదు, పంపితే కార్డులన్నీ ఆగిపోతాయి. ఎల్లుండి తనిఖీకి వస్తాను కదా, అప్పుడు ఇవ్వమన్నాడు. సెక్రటరీ ఉత్తరాన్ని సంచీలో పెట్టుకుని, బతుకుజీవుడా అని బయటపడ్డాడు.

తనిఖీ సంగతి చెప్పాలంటే అదో విద్య. ఎప్పుడో ఆసాములు చందాలు వేసుకుని ఒక పడవకు సరిపడా జాకెట్లు కొన్నారు. అవి సంఘం ఆఫీసు బీరువాలో ఉంటాయి, తాళంచెవి సెక్రటరీ మొలతాడుకు ఉంటుంది. తనిఖీ రోజు మొదటి పడవలో అవి కనిపిస్తాయి. ఇన్‌స్పెక్టర్ టీ తాగుతూ అటు తిరిగి గాలి ఎటు వీస్తోందో చూసేసరికి, ఐసు బుట్టల కింద పడి రెండో పడవకు చేరతాయి. అలా రేవంతా తిరిగి సాయంత్రానికి మళ్లీ బీరువాలోకి వస్తాయి. పొద్దుట్నుంచి సాయంత్రందాకా తిరిగే ఆ జాకెట్లు ఏనాడూ వేటకు మాత్రం వెళ్లలేదు.

తనిఖీకి ముందురోజు పొద్దున్న బావమరిది సంఘం గుమ్మంలో నిలబడ్డాడు. సెక్రటరీ భార్యకు ఒక్కడే తమ్ముడు, ఆవిడ చేతుల మీద పెరిగినవాడు. తనూ, ఇంకో ఇద్దరు కూలీలూ వెళ్లే చిన్న మోటారు పడవ వాడిది. కోటా అయిపోయింది, బయటి ధరకు కొద్దిగానే డీజిలు పోయించుకున్నాడు.

“బావా, మబ్బు తీరు నాకు నచ్చలేదు. ఆ బీరువాలోవి ఒక మూడు ఇవ్వు, సాయంత్రానికి తెచ్చేస్తా” అన్నాడు, సగం నవ్వుతూనే.

సెక్రటరీ, రేపు తనిఖీ ఉందని, పొరపాటున ఒకటి తగ్గినా, తడిసి ఉప్పుపట్టి కనిపించినా అందరి కార్డులూ పోతాయని చెప్పాడు. అంత మబ్బుగా ఉంటే మానుకోవచ్చు కదా అని కూడా అన్నాడు. మానుకుంటే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారన్నాడు వాడు. ఈయన మొలలో తాళంచెవి మీద చెయ్యి వేసుకున్నాడే గానీ తీయలేదు.

మధ్యాహ్నం దాటాక గాలి లేచింది. ముందు ఆఫీసు కిటికీ రెక్క కొట్టుకుంది, తర్వాత ఐసు ఫ్యాక్టరీ రేకులు మోగడం మొదలైంది. అప్పటిదాకా ఆయనకు తెలిసిన భయాలన్నీ ఉత్త బొమ్మలని ఆయనకు అప్పుడు అర్థమైంది. జెట్టీకి పరుగెత్తాడు. పడవలు ఒక్కొక్కటే వస్తున్నాయి, వాటిలోవాళ్లు తాళ్లు విసురుతున్నారు, ఈయన ప్రతి పడవనూ బావమరిది గురించి అడుగుతున్నాడు. అందరికంటే దూరం పోయాడని ఒకరు, మోటారు ఆగినట్టుందని ఇంకొకరు చెప్పారు. డీజిలు తక్కువ పోయించుకున్నవాడి మోటారు ఎందుకు ఆగుతుందో ఎవరూ పైకి అనలేదు.

ఇంతలో భార్య వచ్చింది. కొంగు గాలికి ఎగిరిపోతున్నా పట్టించుకోలేదు. ఆయన పక్కనే నిలబడి, కళ్లు సముద్రం మీంచి తీయకుండా, తమ్ముడు పొద్దున్న ఇంటికొచ్చి చెప్పాడని మెల్లగా అంది.

“మా నాన్న డబ్బు పెట్టెకు వేసుకున్నట్టు బీరువాకి తాళం వేసుకున్నారటగా. వాడికేమైనా అయితే ఆ జాకెట్లు నాకివ్వండి, మడతపెట్టి దాచుకుంటాను.”

ఆయన ఆఫీసుకు వెళ్లి బీరువా తీశాడు. నారింజరంగు జాకెట్లు ఇస్త్రీ బట్టల్లా వరసగా ఉన్నాయి, ఒక్కదానికీ ఉప్పు మరక లేదు. వాటిని ఏం చేద్దామని తీశాడో ఆయనకే తెలియదు. ఒకటి తీసి గుండెకు అదుముకుని నేల మీద కూర్చుండిపోయాడు. కళ్లు మూస్తే తండ్రి చెయ్యి నీళ్లలోంచి పైకి లేచి మునగడం కనిపిస్తోంది. తెరిస్తే బీరువా కనిపిస్తోంది. రెండూ ఒకటే అనిపించింది.

చీకటి పడే వేళకు సంఘం ప్రెసిడెంటు గారి పెద్ద పడవ, బావమరిది పడవను తాడు కట్టి లాక్కొచ్చింది. ముగ్గురూ బతికే ఉన్నారు. డీజిలు అయిపోయి కొట్టుకుపోయారట, నడుములకు తాడు కట్టుకుని, ఆ తాడు కొసను ఖాళీ డబ్బాకు కట్టుకున్నారట. అక్క తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చింది. వాడు వణుకుతూనే సంఘం ఆఫీసుదాకా నడిచి, ఆ డబ్బా తెచ్చి సెక్రటరీ బల్ల మీద పెట్టాడు.

“జాకెట్లు తడవలేదుగా బావా?” అన్నాడు.

తిట్టినా బాగుండేది.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల ఏమీ లేదు. తెల్లవారగానే వేటకు వెళ్లినవాళ్లకు ఉన్నవన్నీ పంచేశాడు సెక్రటరీ. ప్రెసిడెంటు గుమ్మంలో నిలబడి నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. బల్ల మీద డబ్బా, దాని పక్కన ఉత్తరం ఉన్నాయి.

“మార్చి రాశారా?” అని అడిగాడు ఇన్‌స్పెక్టర్, బీరువా వైపు చూడకుండా.

“లేదండీ.” సెక్రటరీ ఉత్తరాన్ని ముందుకు జరిపాడు. “నాకు మీరంటే భయమండీ. వీళ్లన్నా భయమే. కానీ నిన్న పడ్డ భయం ముందు ఇవన్నీ కంటికి ఆనడం లేదు. అదే ఉత్తరం తీసుకోండి.”

ఇన్‌స్పెక్టర్ ఆ డబ్బాను చాలాసేపు చూశాడు. తర్వాత ఉత్తరం తీసుకుని, అందినట్టు కాపీ మీద తేదీ వేసి సంతకం పెట్టాడు. సంతకానికి ముందు ఆయన కూడా కలం రెండుసార్లు దులపడం ప్రెసిడెంటు చూశాడట.

అనుకున్నదంతా అయింది. కార్డులు ఆగిపోయాయి. చాలా పడవలు ఇసుకలో ముక్కుపెట్టి పడుకున్నాయి. సెక్రటరీ ఇంటి రేకుల మీద రాళ్లు పడ్డాయి, నీళ్ల కుళాయి దగ్గర ఆయన భార్యకు వంతు ఇచ్చేవాళ్లు లేకపోయారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుండే కుర్చీ అది, దాన్లోంచి కూడా దింపేశారు. ఇన్‌స్పెక్టర్‌కు బదిలీ అయింది. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

వానలు వెనకపట్టాక శాఖ జీపు వచ్చింది. సగం సొమ్ము ఆసాములు కట్టారు, మనిషికో జాకెట్టు, పడవకో సంకేత పరికరం దిగాయి. కొత్త ఇన్‌స్పెక్టర్ పడవలన్నిటినీ ఒకేసారి వరసలో నిలబెట్టి తనిఖీ చేశాడు. కార్డులు మళ్లీ తెరుచుకున్నాయి, కోటా కొద్దిగా పెరిగింది. అదంతా తన పలుకుబడి వల్లేనని ప్రెసిడెంటు చెప్పుకున్నాడు, కాదనడానికి ఎవరికీ తీరిక లేకపోయింది.

జీతం పోయినవాడికి ఆ రేవులో ఉన్న పని ఒక్కటే. ఒకరోజు తెల్లవారుజామున ఒడ్డు సెక్రటరీ బావమరిది పడవ దగ్గరికి వచ్చాడు. భార్య వెనకే వచ్చి ఒడ్డున నిలబడింది. మోకాలి లోతు దాటేసరికి ఆయన పళ్లు టకటకా కొట్టుకున్నాయి, చలి మాత్రం లేదు. బావమరిది చెయ్యి పట్టి పైకి లాగి, చంటిపిల్లాడికి చొక్కా తొడిగినట్టు జాకెట్టు తొడిగి, నాడాలు బిగించి ముడివేశాడు.

అప్పుడు చూశాడు, బావ ఎడమ చంకలో పాత డీజిలు డబ్బా.

“జాకెట్టు ఉందిగా బావా, అదెందుకు?”

“ఉండనీరా” అన్నాడాయన. “మా నాన్నకి.”

వాడు మోటారు తాడు లాగాడు.