మూడోవంతా, నాలుగోవంతా

అమ్మమ్మను చూస్తే లెక్కలే హడలిపోయి వాటంతటవే తేలిపోయేవని మనవడి గొప్పలు. నిజానికి ఆ లెక్కల టీచరుకు తప్పు జవాబులంటేనే ప్రాణం. పాఠం చివర ఒక్క ప్రశ్న అడిగి, పిల్లలు రాసిన చీటీలు గుమ్మం దగ్గర తీసుకునేది. వాళ్ళకు ఎక్కడ అర్థంకాలేదో చూసుకుని, మర్నాడు అక్కడే మొదలుపెట్టేది.

రిటైరైన రోజు సగం మంది మూడోవంతు కంటే నాలుగోవంతు పెద్దదని రాశారు. ఆమెకిక మర్నాడు లేకపోయింది. ఇప్పటికీ బడిగంట వినబడితే ఆ పిల్లల మీద బెంగపడుతుంది.

"కొత్త టీచరు చెప్పే ఉంటుందిలే అమ్మమ్మా. అయినా నాలుగోవంతు పెద్దదేగా!" అన్నాడు, ఏడో తరగతితోనే బడికి దణ్ణం పెట్టేసిన మనవడు.

అమ్మమ్మ ఒకే కొలత కాగితాలు రెండు అతని ముందు పడేసింది.

"కూర్చోరా మొద్దూ! ఒకటి మూడు సమభాగాలుగా, ఇంకోటి నాలుగుగా మడువు. లేచేముందు మళ్ళీ అడుగుతా."